వేసవి శిబిరం పోస్టులు: ఫోనులో తల్లిదండ్రులు అడిగేది ఒకటి, మనం రాసేది మరొకటి

గోదావరి_గట్టు | రాజమహేంద్రవరం | మార్చి 29, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. నేను డ్రాయింగు టీచరును. నాలుగేళ్లుగా మా వీధి చివర ఉన్న ఒక పాఠశాల భవనాన్ని సెలవుల్లో అద్దెకు తీసుకుని, 6 నుండి 12 ఏళ్ల పిల్లలకు వేసవి శిబిరం నడుపుతున్నాను. పోయిన ఏడాది 40 సీట్లకు 17 మంది మాత్రమే చేరారు. పోస్టరులో లోటేమీ లేదు. చిత్రలేఖనం, మట్టిబొమ్మలు, కర్రసాము, కథలు చెప్పడం అంటూ పద్నాలుగు అంశాలు రంగురంగుల అక్షరాలతో వేయించాను. ఫోన్లు కూడా బాగానే వచ్చాయి, కానీ చేసినవారిలో చాలామంది "ఇంట్లో మాట్లాడి చెప్తామండీ" అని పెట్టేసి మళ్లీ చేయలేదు.

ఈసారి పోస్టరు కంటే ముందే, భద్రత గురించి, వేళల గురించి తల్లిదండ్రులకు ఉండే సందేహాలకు జవాబుగా కొన్ని చిన్న పోస్టులు వరుసగా పెడదామనుకుంటున్నాను. మొదటిది ఇలా రాశాను:

"మీ చిన్నారుల భద్రతే మాకు ముఖ్యం. నూటికి నూరు శాతం సురక్షిత వాతావరణం. సీసీ కెమెరాల పర్యవేక్షణ. అనుభవజ్ఞులైన సిబ్బంది. ఉదయం 7.30 నుండి 11.30 వరకు. ఏప్రిల్ 27 నుండి మే 30 వరకు."

తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రకటనల_మావయ్య | విజయవాడ | మార్చి 29, రాత్రి 10.05

అమ్మా, రాసింది బాగానే ఉంది కానీ అక్షరాలు చదివే ఓపిక ఈ రోజుల్లో ఎవరికీ లేదు. పోయిన ఏడాది పిల్లలు నవ్వుతూ ఆడుకుంటున్న ఫోటోలు పది తీసి పెట్టండి, ఆ నవ్వు చూస్తేనే తల్లిదండ్రులకు నమ్మకం కుదురుతుంది. కెమెరాల మాట మాత్రం తొలగించకండి, అది బాగా పనిచేస్తుంది. మీ ఫోనులో ఉన్న నాలుగు వందల నంబర్లనూ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో చేర్చి ఒకేసారి పంపండి. గ్రూపు పెట్టారంటే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఆడవాళ్లు ఇబ్బంది పడతారు.

పాతకాపు_హనుమకొండ | మార్చి 30, ఉదయం 6.40

పన్నెండేళ్లుగా వేసవి శిబిరాలు నడిపినవాడిగా ఒక పని చెబుతాను, ముందు అది చేయండి. పోయిన ఏడాది ఫోను చేసి చేరకుండా ఉండిపోయినవారు మిమ్మల్ని ఏమడిగారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాయండి. మీకు ముఖ్యమనిపించినవి వద్దు, వారి నోట వచ్చిన మాటలే కావాలి. ఆ కాగితం చూడకుండా పోస్టు రాస్తే, అది మన మనసులోని తల్లిదండ్రులకు జవాబు అవుతుంది తప్ప ఫోను చేసినవారికి కాదు.

మావయ్య గారు గ్రూపు వద్దన్నది సబబే. అయితే బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి మాత్రమే చేరుతుంది, ఒక్కో జాబితాలో 256 మందికి మించి పట్టరు. కొత్త తల్లిదండ్రుల దగ్గర మీ నంబరు ఉండదు కనుక, నాలుగు వందల మందికి పంపి ఎవరికీ ఆసక్తి లేదని మీరు నిరాశపడే ప్రమాదం ఉంది. మొదట ఫోను చేసినవారితో "ఈ నంబరును శిబిరం టీచరు అని సేవ్ చేసుకోండి, రోజువారీ వివరాలు దీని నుండే వస్తాయి" అని చెప్పడం అలవాటు చేసుకోండి.

గోదావరి_గట్టు | మార్చి 30, రాత్రి 8.50

మాస్టారూ, కూర్చుని రాశాను, నా మీద నాకే నవ్వు వచ్చింది. గుర్తున్న ఫోన్లు 23. అందులో తొమ్మిది మంది "పదకొండున్నరకు పిల్లవాణ్ని ఎవరు తీసుకెళ్లాలి, మీకు ఆటో ఉందా" అని అడిగారు. ఆరుగురు ఎండ గురించి, కరెంటు పోతే ఫ్యాన్లు తిరుగుతాయా అని అడిగారు. నలుగురు "ఆడ టీచర్లు ఉంటారా" అన్నారు. ఇద్దరు ఫీజు అడిగారు. నేను పోస్టరు నిండా వేయించిన పద్నాలుగు అంశాల గురించి అడిగింది మిగిలిన ఇద్దరే. కెమెరాల ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

పాతకాపు_హనుమకొండ | మార్చి 30, రాత్రి 9.35

మీ పోస్టులు మీకు దొరికినట్టే. అవి మూడు: తీసుకెళ్లడం, ఎండ, ఆడ టీచర్లు. ఒక్కో పోస్టు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాలి, మొదటి వాక్యంలో ఆ ప్రశ్న వారి మాటల్లోనే ఉండాలి.

కానీ రాయబోయే ముందు వేళలు మార్చండి, ఎందుకంటే చెడ్డ వేళలను ఎంత మంచి పోస్టూ కాపాడలేదు. పదకొండున్నర అంటే ఉద్యోగానికి వెళ్లే తల్లిదండ్రులు ఇద్దరూ ఇంట్లో ఉండరు, తాతయ్య ఉన్నా ఆ ఎండలో స్కూటరు మీద తీసుకెళ్లడానికి జంకుతారు. తొమ్మిది మంది అడిగింది ఆటో గురించి అనిపిస్తున్నా, అసలు సంగతి మీ గంట కొట్టే సమయమే. 6.45కు గేటు తెరిచి 9.45కు వదిలితే, చాలా ఇళ్లలో ఆఫీసుకు బయలుదేరేవారే దారిలో పిల్లలను ఇంటి దగ్గర దింపి వెళ్లగలరు.

తేదీల సంగతీ అంతే. అయిదు వారాల శిబిరం అంటే అమ్మమ్మ గారింటికి వెళ్లే ప్రయాణం మధ్యలో అడ్డం వస్తుంది, అందుకే "ఇంట్లో మాట్లాడి" చెప్పవలసి వస్తోంది. రెండేసి వారాల చొప్పున రెండు విడతలు చేయండి. రెండోది మే 23 లోపు ముగియాలి. ఆ తరువాత రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు.

డల్లాస్_నాన్న | మార్చి 31, తెల్లవారుజామున 4.20

మా అబ్బాయిని జూన్‌లో ఇండియాకు పంపుతున్నాం, ఎనిమిదేళ్లు. రాజమండ్రిలో రాత్రి అక్కడే ఉండే శిబిరాలు ఏమైనా ఉన్నాయా? ఇక్కడ మేము మొదట అడిగేది ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవారు ఉంటారని. పగటి శిబిరాల్లో 6 నుండి 8 ఏళ్లవారికి ఎనిమిది మందికి ఒకరు, 9 నుండి 14 ఏళ్లవారికి పదిమందికి ఒకరు ఉండాలని అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ చెబుతుంది. మీ పోస్టులో ఆ లెక్క లేదు, గమనించారా?

గోదావరి_గట్టు | మార్చి 31, ఉదయం 7.05

బాబూ, మాది ఉదయం పూట మాత్రమే నడిచే శిబిరం, పైగా మే నెలలోనే ముగుస్తుంది, జూన్ 12కు ఇక్కడ బడులు తెరుస్తారు. కనుక మీ అబ్బాయికి మేము అక్కరకు రాము. అయితే మీ లెక్క నాకు పనికొచ్చింది. 40 మందికి మేము నలుగురం, పైగా అందులో ఒకరు ఇంటర్ చదివే అమ్మాయి. "అనుభవజ్ఞులైన సిబ్బంది" అని రాసినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు. ఈసారి అయిదో మనిషిని చూస్తాను, దొరకకపోతే సీట్లను 32కు తగ్గిస్తాను.

నర్సమ్మ_గుంటూరు | మార్చి 31, మధ్యాహ్నం 2.15

ఎండ పోస్టు గురించి ఒక మాట. ప్రతి శిబిరం వాళ్లూ "గ్లూకోజ్ నీళ్లు ఇస్తాం" అని రాస్తారు. చెమటలో నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది, వట్టి గ్లూకోజ్ ఆ లోటు తీర్చదు. మామూలు రోజు పిల్లలకు మంచినీళ్లు, ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ సరిపోతాయి. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచుకోండి కానీ, లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలని సిబ్బందికి చూపించండి. సగం పొట్లం అందాజుగా గ్లాసులో వేసి ఇవ్వడం నేను కళ్లారా చూశాను. దుకాణాల్లో అట్ట డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలను ఓఆర్ఎస్ అని నమ్మి కొనకండి. వాటి మీద ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది, దాని వెనుక హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారి ఏళ్ల తరబడి పోరాటం ఉంది.

ఇంకొకటి. ఆడుతున్న పిల్ల ఆట మానేసి గోడకు ఆనుకుని కూర్చుంది అంటే అదే మొదటి గుర్తు, తలనొప్పి, వాంతి ఆ తరువాత వస్తాయి. వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్లు తడిపి, విసిరితే చాలావరకు కోలుకుంటుంది. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం తడుపుతూనే 108కి ఫోను చేయాలి, తల్లి వచ్చేదాకా ఆగకూడదు. ఈ ఒక్క వాక్యం పోస్టులో ఉంటే నాలాంటివాళ్లు మీ శిబిరాన్ని నమ్ముతారు.

ప్రకటనల_మావయ్య | మార్చి 31, సాయంత్రం 6.30

నర్సమ్మ గారూ, మీరు చెప్పింది నిజమే కానీ ప్రకటనలో "108" అని కనిపిస్తే చదివేవాళ్లు బెదిరిపోతారు. పిల్లలకు వడదెబ్బ తగులుతుందని మనమే చెప్పుకున్నట్టు అవుతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | కాకినాడ | మార్చి 31, రాత్రి 10.10

నేను బెదరను. బెదిరేది ఎప్పుడంటే, అడిగినా చెప్పనప్పుడు. రెండేళ్ల క్రితం మా పాపను ఒక శిబిరంలో చేర్చాను, పేరు అనవసరం. నాలుగో రోజు మామూలుగా వచ్చే ఆటో అతను జ్వరంతో తన బావమరిదిని పంపాడు. ఆ విషయం నాకూ తెలియదు, శిబిరానికీ తెలియదు. గేటు దగ్గర ఉన్న అబ్బాయి "ఆటో వచ్చింది" అని పిల్లను ఎక్కించేశాడు. కొత్త మనిషికి మా సందు తెలియక నలభై నిమిషాలు తిరిగాడు. పాపకు ఏమీ కాలేదు, మర్నాడు హాయిగా నవ్వుతూ చెప్పింది కూడా. నాకు మాత్రం ఆ నలభై నిమిషాలు ఇప్పటికీ గుర్తే. వాళ్ల పోస్టరు మీద కూడా సీసీ కెమెరాలు అని పెద్ద అక్షరాలతో ఉండేది. పిల్ల ఆటో ఎక్కడం ఆ కెమెరాలో చక్కగా కనిపించింది.

పాతకాపు_హనుమకొండ | ఏప్రిల్ 1, ఉదయం 6.25

అమ్మ గారు చెప్పిన ఆ చివరి మాటకు మించి నేను చెప్పేదేమీ లేదు. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, గేటు దగ్గర నిలబడ్డ మనిషి జరగకుండా ఆపుతాడు. పోస్టులో ఆ మనిషి ఏం చేస్తాడో రాయండి.

గోదావరి_గట్టు | ఏప్రిల్ 2, రాత్రి 9.40

మూడు పోస్టులూ తిరగరాశాను. చూడండి.

మొదటిది: "9.45కు మా పిల్లవాణ్ని ఎవరికి అప్పగిస్తారు? చేరేటప్పుడు మీరు రాసిచ్చిన ఇద్దరికి మాత్రమే. వారి ఫోటోలు గేటు దగ్గర పుస్తకంలో ఉంటాయి. వారు కాక ఎవరు వచ్చినా, ఆటో డ్రైవరు మారినా, మీకు ఫోను చేసి మీరు సరేనన్నాకే పంపుతాం. మీరు ఫోను ఎత్తకపోతే పిల్లవాడు మా దగ్గరే ఫ్యాను కింద కూర్చుంటాడు. 10.30 వరకు ఇద్దరు టీచర్లు ఉంటారు."

రెండోది: "ఎండలో ఆడిస్తారా? 7.00 నుండి 8.00 వరకు మాత్రమే మైదానం. ఎనిమిది తరువాత ఏ పిల్లా ఎండలో ఉండదు. తరగతులన్నీ కింది అంతస్తులో, స్లాబు కింద గదుల్లోనే జరుగుతాయి. రేకుల షెడ్డు వాడము. కరెంటు పోతే రెండు గదుల్లో ఇన్వర్టరు మీద ఫ్యాన్లు తిరుగుతాయి, పిల్లలందరినీ ఆ రెండు గదుల్లోకి తెస్తాం. 8.00కు మజ్జిగ ఇస్తాం. ఎవరికైనా నలతగా ఉంటే నీడలో పడుకోబెట్టి మీకు ఫోను చేస్తాం. ఒళ్లు కాలి, మాట తడబడితే మీకంటే ముందు 108కి చేస్తాం."

మూడోది: "ఆడ టీచర్లు ఉంటారా? ఉంటారు. అయిదుగురిలో ముగ్గురు ఆడవారే."

పాతకాపు_హనుమకొండ | ఏప్రిల్ 3, ఉదయం 6.50

రెండోది అలాగే పెట్టేయండి, ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

మొదటిదానిలో ఒక చిల్లు ఉంది, అది నాకు అనుభవం మీద తెలిసింది. రెండో వారానికి గేటు దగ్గర అందరూ తెలిసినవారైపోతారు. ఫోటోల పుస్తకంలో లేని నాయనమ్మ వస్తుంది, ఆవిడ ఆ పిల్లవాడి నాయనమ్మే అని మీకూ తెలుసు, ఎండలో నిలబెట్టడం బాగుండదని పంపించేస్తారు. వెనుక నిలబడిన మరో తల్లి అది చూస్తుంది. ఆ సాయంత్రానికి మీ పోస్టు వట్టి మాట అయిపోతుంది. ఎంత తెలిసినవారైనా ఫోను చేశాకే అని, ఆ ఫోను చేసిన సమయం పుస్తకంలో రాస్తామని కలపండి. నాయనమ్మకు కుర్చీ, మంచినీళ్లు ఇవ్వండి, రెండు నిమిషాల పని. మాట నిలుస్తున్నదీ లేనిదీ మీకు ఎలా తెలుస్తుందంటే, వారాంతంలో ఆ పుస్తకం తెరవండి. అయిదు రోజుల్లో ఒక్క ఫోను కూడా రాసి లేకపోతే, అందరూ నియమం ప్రకారమే వచ్చారని కాదు, మీవాళ్లు రాయడం మానేశారని అర్థం చేసుకోండి.

మూడోది మాత్రం జవాబు కాదు. "ఆడ టీచర్లు ఉంటారా" అని అడిగే తల్లి లెక్క అడగడం లేదు. ఆరేళ్ల పాప మూత్రానికి వెళ్లాలంటే ఎవరు తీసుకెళ్తారు, ఏ గదిలోనైనా ఒక్క పెద్దమనిషితో పిల్ల ఒంటరిగా ఉండే సందర్భం వస్తుందా అని అడుగుతోంది. నోరు తెరిచి అడగలేక అలా అడుగుతోంది. దానికి జవాబు రాయండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | ఏప్రిల్ 3, ఉదయం 11.20

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేనూ అలాగే అడిగాను, అవతల మగవారు ఫోను ఎత్తేసరికి అంతకు మించి మాట పెగల్లేదు. మగపిల్లల సంగతి కూడా రాయండి. అబ్బాయే కదా అని ఎవరూ పట్టించుకోరు.

గోదావరి_గట్టు | ఏప్రిల్ 3, రాత్రి 9.15

మూడోది మళ్లీ రాశాను: "పిల్లలు బాత్రూముకు వెళ్లాలంటే? ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు. ఎనిమిదేళ్లలోపు వారు, అమ్మాయైనా అబ్బాయైనా, ఇద్దరు పిల్లలు కలిసి వెళతారు, ఆయమ్మ బయట తలుపు దగ్గర నిలబడుతుంది. మా శిబిరంలో ఏ పెద్దవారూ ఒక్క పిల్లతో గదిలో ఒంటరిగా ఉండరు, తరగతి జరుగుతున్నంతసేపూ తలుపులు తెరిచే ఉంటాయి. పిల్లల సహాయవాణి 1098 నంబరును గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాస్తాం. మొదటి రోజున అది ఎందుకో వారికి చెబుతాం."

కర్రసాము నేర్పే మాస్టారు ఇది చదివి కాస్త చిన్నబుచ్చుకున్నారు. "నన్ను అనుమానిస్తున్నారా అమ్మా" అన్నారు. ఈ నియమం నాకు కూడా వర్తిస్తుందని, ఎవరైనా రేపు ఒక మాట అంటే ఇదే మీకు అండగా నిలుస్తుందని చెప్పాను. ఊరుకున్నారు కానీ, పూర్తిగా ఒప్పుకున్నారని అనుకోను.

ప్రకటనల_మావయ్య | ఏప్రిల్ 4, ఉదయం 10.00

కెమెరాల విషయంలో నేను ఓడిపోయాను, సరే. ఫోటోల మాటేమిటి? ఇవన్నీ చదివాక కూడా ఒక్క పిల్లవాడి ముఖమైనా కనిపించకపోతే, శిబిరం నిజంగా జరిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది?

పాతకాపు_హనుమకొండ | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 1.30

భద్రత గురించి పోస్టులు పెడుతూ, ఇతరుల పిల్లల ముఖాలను అడగకుండా ఊరంతటికీ చూపిస్తే ఆ రెండూ ఒకచోట పొసగవు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల నుండి ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. నేనైతే ముఖాలు లేకుండా తీస్తాను. మట్టి అంటిన చేతులు, వరుసగా విడిచిన చెప్పులు, గేటు దగ్గరి పుస్తకం. నా అనుభవంలో గేటు పుస్తకం ఫోటో చూసి వచ్చినన్ని ఫోన్లు ఏ నవ్వు ముఖం చూసీ రాలేదు. మావయ్య గారికి తమ రంగంలో వేరే అనుభవం ఉండవచ్చు, కాదనను.

ప్రకటనల_మావయ్య | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 2.10

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టిన తల్లిదండ్రుల పిల్లల ఫోటోలు పెట్టడంలో తప్పేముంది? చెప్పుల ఫోటో చూసి శిబిరంలో చేర్చేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

గోదావరి_గట్టు | ఏప్రిల్ 21, రాత్రి 10.20

ఇక్కడ సాయం చేసినవారికి చెప్పకుండా ఉండలేను. మూడు పోస్టులనూ వారం రోజుల వ్యవధిలో, పరీక్షలు అయిపోతున్న రోజుల్లో, రాత్రి ఎనిమిదిన్నర తరువాత పెట్టాను. ఫోటోలు మాత్రం చెప్పులవే పెట్టాను, మావయ్య గారు క్షమించాలి. అయిదో మనిషి దొరకలేదు కనుక సీట్లు 32 చేసి, బాత్రూము పోస్టు చివర "నలుగురిలో ముగ్గురు ఆడవారు" అని కలిపాను. మొదటి విడతలో 29 మంది చేరారు. రెండో విడతకు ఇప్పటికి 14 మంది. ఫోన్లు పోయిన ఏడాది కంటే తక్కువే వచ్చాయి, కానీ చేసినవారు ఎక్కువగా ఫీజు ఎలా కట్టాలనే అడిగారు.

అయితే రెండు చిక్కులు వచ్చి పడ్డాయి. "10.30 వరకు టీచర్లు ఉంటారు" అని రాయడంతో, కొందరు దాన్నే వదిలే సమయంగా లెక్క వేసుకుంటున్నారు. చేరేటప్పుడే ఇద్దరు తల్లులు "మేము పదిన్నరకే వస్తాం" అన్నారు. ఆలస్యానికి రుసుము పెట్టమని మా వారు అంటున్నారు. రుసుము పెడితే డబ్బు కట్టి మరీ ఆలస్యంగా వస్తారేమోనని నా భయం.

రెండోది, పన్నెండేళ్ల అబ్బాయి ఒకడు రోజూ సైకిలు మీద తనంతట తానే వస్తాడట. ఇల్లు రెండు వీధుల అవతలే. తండ్రి రాసిస్తానంటున్నారు.

నర్సమ్మ_గుంటూరు | ఏప్రిల్ 22, ఉదయం 8.00

రాసిచ్చినా, ఇంటికి చేరగానే తండ్రికి మిస్డ్ కాల్ ఇమ్మనండి. తలకు టోపీ, సీసాలో నీళ్లు లేకుండా గేటు దాటనివ్వకండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ | ఏప్రిల్ 22, ఉదయం 9.10

ఆలస్యం విషయంలో ఆ ఇద్దరు తల్లులను తప్పు పట్టలేను. నేనూ అలాగే లెక్క వేసుకునేదాన్ని. పోస్టులో పదిన్నర అన్న మాట తీసేసి, "మీరు వచ్చేదాకా ఇద్దరు ఉంటారు" అంటే ఎలా ఉంటుంది?

పాతకాపు_హనుమకొండ | ఏప్రిల్ 22, రాత్రి 9.05

అలా రాస్తే మధ్యాహ్నం రెండింటికి కూడా వస్తారమ్మా. రుసుము నేను రెండేళ్లు పెట్టి చూశాను, డ్రాయింగు టీచరు గారు భయపడినట్టే జరిగింది, మూడో ఏడు ఎత్తేశాను. ఎత్తేశాక తగ్గిందా అంటే, అదీ చెప్పలేను. సైకిలు అబ్బాయి సంగతి మాత్రం అప్పగింత పోస్టు కింద ఒక వాక్యంగా కలిపి, తండ్రి రాసిచ్చిన కాగితాన్ని గేటు పుస్తకంలో అతని పేరున్న పేజీకే అంటించండి. లేకపోతే మూడో రోజున ఇంకో నలుగురు సైకిళ్ల మీద వస్తారు.